మరీ చవకైనా కొనరు: ధర తేల్చే నాలుగు ప్రశ్నలు

ఒక చిన్న పట్టణంలో ఒకాయన చెక్క గానుగ పెట్టాడనుకుందాం. ఎద్దుల బదులు మోటారు తిప్పుతుంది, నూనె మాత్రం పాత పద్ధతిలోనే దిగుతుంది. లీటరు వేరుశనగ నూనె రావాలంటే దాదాపు రెండున్నర కిలోల గుళ్లు పోయాలి. గుళ్ల ఖరీదు, కరెంటు, కూలి, సీసా అన్నీ కలిపి, చెక్క అమ్మగా వచ్చిన డబ్బు తీసేస్తే లీటరుకు ఆయనకు 330 రూపాయలు పడుతోందని లెక్క వేసుకుందాం. ఇక ధర పెట్టాలి. ఎంత పెట్టాలి?

600 అంటే జనం చూసి వెళ్లిపోతారు. ఇది అందరికీ తెలిసిందే. ఖర్చు సంగతి పక్కనపెట్టి 200కే ఇస్తానని బోర్డు కట్టినా చాలామంది కొనరు. పామాయిల్ కలిపాడేమో, పుచ్చు గుళ్లు ఆడించాడేమో, నిరుటి సరుకేమో అని అనుమానిస్తారు. నూనెలో ఏముందో కంటితో చూసి చెప్పలేం కాబట్టి, కొనేవాళ్లు ధరను చూసి సరుకును అంచనా వేస్తారు. అంటే ధర వల్ల కొనకుండా పోయేవాళ్లు రెండు రకాలు. పైన భయపడి పోయేవాళ్లు ఒకరు, కింద అనుమానపడి పోయేవాళ్లు మరొకరు. ఈ రెండో రకం మనుషులను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి గురించే ఈ వ్యాసం.

ఎక్కడ పుట్టింది

'ఇంతకంటే తక్కువైతే నాణ్యత మీద అనుమానం వస్తుంది' అనే కింది హద్దు ఒకటి ఉంటుందని, దాన్ని జనాన్నే అడిగి తెలుసుకోవచ్చని 1950లలోనే ఫ్రాన్స్‌లో జాన్ స్టెట్జెల్ చూపించాడు. 1960లలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఆండ్రే గాబోర్, క్లైవ్ గ్రేంజర్ ఈ విషయాన్ని ఇంకా లోతుగా పరిశీలించారు. ధరను జనం నాణ్యతకు గుర్తుగా ఎలా తీసుకుంటారో రాశారు. ఈ గ్రేంజర్‌కే తర్వాత వేరే పరిశోధనకు 2003లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. వీళ్లు వేసిన దారిలోనే నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్థికవేత్త పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ 1976లో నాలుగు ప్రశ్నల పద్ధతిని ప్రకటించాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'ప్రైస్ సెన్సిటివిటీ మీటర్'. మార్కెట్ పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు. అడగడం తేలిక, ఖర్చు తక్కువ, ఫలితం ఒక్క బొమ్మలో కనిపిస్తుంది.

ఆ నాలుగు ప్రశ్నలు

మన గానుగ నూనెకు ఆ ప్రశ్నలు ఇలా ఉంటాయి.

మొదటిది: ఈ నూనె లీటరు ఎంతకు ఇస్తామంటే ఇందులో ఏదో తేడా ఉందని అనుమానించి కొనకుండా ఉంటారు?

రెండోది: ఎంతకు దొరికితే మంచి ధరకే వచ్చిందని అనుకుంటారు?

మూడోది: ఎంతకు చేరితే ఖరీదే అనిపిస్తుంది, అయినా ఆలోచించి కొనే అవకాశం ఉంటుంది?

నాలుగోది: ఎంత దాకా పోతే, ఎంత మంచి నూనె అయినా ఇక కొననని అంటారు?

అడిగేవాళ్లు తమంతట తాము ఏ అంకే చెప్పకూడదు. '300 అయితే కొంటారా' అన్నామంటే ఆ 300 వినేవాళ్ల మనసులో నాటుకుపోతుంది, ఆ తర్వాత వచ్చే నాలుగు జవాబులూ దాని చుట్టూనే తిరుగుతాయి. సరుకు గురించి మాత్రం ముందే పూర్తిగా చెప్పాలి. లీటరా, కిలోనా? గాజు సీసాలోనా, ప్లాస్టిక్ డబ్బాలోనా? ఏ గుళ్లు, ఎక్కడ ఆడించారు? ఇవేవీ చెప్పకుండా 'గానుగ నూనె' అని ఊరుకుంటే ఒక్కొక్కరు ఒక్కో సరుకును ఊహించుకుని ధర చెబుతారు. అలా వచ్చిన జవాబులను కలిపి ఏ లెక్క వేసినా అర్థం ఉండదు.

ఒకావిడ వరసగా 240, 320, 400, 480 అని చెప్పిందనుకుందాం. ఆమె మనసులో ధరలకు నాలుగు గట్లు ఉన్నాయి. 240, అంతకన్నా దిగువ అనుమానం. 320 దాకా సంతోషం. 400 నుంచి ఆలోచన. 480 నుంచి వద్దనడం. 320కీ 400కీ మధ్య ఆమెకు అది చవకా కాదు, ఖరీదూ కాదు, మామూలు ధర.

జవాబులు రాగానే మొదట చూడాల్సింది ఈ వరస. నాలుగు అంకెలూ చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్లాలి. ఎవరైనా 'మంచి ధర' 400 అని, 'ఖరీదు' 350 అని చెప్పి ఉంటే వాళ్లకు ప్రశ్న అర్థం కాలేదన్నమాట. ఆ జవాబులను పక్కన పెట్టేస్తారు. అయితే పక్కన పెట్టాల్సినవి నలుగురైదుగురివి కాక చాలామందివి అయితే, తప్పు చెప్పినవాళ్లది కాదు, అడిగిన తీరుది. ప్రశ్నలను తిరగరాసి మళ్లీ అడగాలి.

జవాబుల నుంచి గీతల దాకా

మామూలుగా ఇలాంటి సర్వేకు 200 మందికి తగ్గకుండా అడుగుతారు. లెక్క తేలిగ్గా ఉండడానికి మనం 100 మందిని అడిగామనుకుందాం. ఈ అంకెలు పద్ధతి అర్థం కావడానికి నేను వేసుకున్నవే, ఏ సర్వేలోనివీ కావు. ఒక్కో ధర దగ్గర ఆగి, ఆ ధరను 'మరీ చవక' అనేవాళ్లు ఎందరు, 'చవక' అనేవాళ్లు ఎందరు అని లెక్కపెట్టుకుంటూ పోవాలి. పైన చెప్పిన ఆవిడ 300 దగ్గర 'చవక' లెక్కలోకి వస్తుంది. 450 దగ్గర 'ఖరీదు' లెక్కలోకి వస్తుంది. 350 దగ్గర ఏ లెక్కలోకీ రాదు.

| లీటరు ధర (రూ.) | మరీ చవక | చవక | ఖరీదు | మరీ ఖరీదు |
|---|---|---|---|---|
| 300 | 30 | 80 | 6 | 0 |
| 350 | 12 | 54 | 22 | 5 |
| 400 | 4 | 28 | 48 | 16 |
| 450 | 0 | 10 | 74 | 40 |

ధర పెరిగేకొద్దీ మొదటి రెండు వరసలు తగ్గుతాయి, చివరి రెండూ పెరుగుతాయి. వీటిని గ్రాఫు కాగితం మీద గీస్తే రెండు గీతలు ఎడమ నుంచి కుడికి దిగుతాయి, రెండు ఎక్కుతాయి. దిగేవీ ఎక్కేవీ ఒకదాన్నొకటి దాటుకునే చోట్లను చదవడమే ఈ పద్ధతిలో అసలు పని.

'మరీ చవక', 'మరీ ఖరీదు' గీతలు మన లెక్కలో 368 దగ్గర కలుస్తాయి. అక్కడ అనుమానంతో వద్దనేవాళ్లు తొమ్మిది మంది, భరించలేక వద్దనేవాళ్లు తొమ్మిది మంది. 'చవక', 'ఖరీదు' గీతలు 381 దగ్గర కలుస్తాయి. ఆ ధరను చవక అనేవాళ్లు ఎందరో ఖరీదు అనేవాళ్లూ అందరే. జనం దృష్టిలో మామూలు ధర అదేనని చెప్పవచ్చు.

మిగిలిన రెండు కలయికలు హద్దులు. వాన్ వెస్టెన్‌డార్ప్ వీటికోసం రెండు గీతలను తలకిందులు చేశాడు. 'చవక' అన్నవాళ్లకు బదులు 'చవక కాదు' అనేవాళ్లను, 'ఖరీదు' అన్నవాళ్లకు బదులు 'ఖరీదు కాదు' అనేవాళ్లను తీసుకున్నాడు. 'మరీ చవక' గీత 'చవక కాదు' గీతను దాటే చోటు కింది హద్దు. మన లెక్కలో అది 311. 'మరీ ఖరీదు' గీత 'ఖరీదు కాదు' గీతను దాటే చోటు పై హద్దు. అది 436. ఈ రెండింటి మధ్య ఉన్న ధరలను జనం మొత్తం మీద ఒప్పుకుంటారని ఈ పద్ధతి చెబుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చాలామంది ఈ తలకిందులు చేసే పని మానేసి, 'మరీ చవక' గీత నేరుగా 'ఖరీదు' గీతను దాటే చోటును కింది హద్దుగా, 'మరీ ఖరీదు' గీత 'చవక' గీతను దాటే చోటును పై హద్దుగా తీసుకుంటారు. అలా చేస్తే అవే జవాబులకు హద్దులు 335, 414 అవుతాయి. జనం మారలేదు, వాళ్ల మాట మారలేదు, అయినా పరిధి రెండు వైపులా కుంచించుకుపోయింది. ఎవరైనా ఇలాంటి నివేదిక చేతికిస్తే ఏ గీతలు కలిపి ఈ హద్దులు తేల్చారని మొదట అడగాలి. రెండు నివేదికలను పోల్చి చూసేటప్పుడు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

'అత్యుత్తమ ధర' అన్న పేరు

'మరీ చవక', 'మరీ ఖరీదు' గీతలు కలిసిన 368కి ఈ పద్ధతిలో ఉన్న పేరు 'ఆప్టిమల్ ప్రైస్ పాయింట్', అంటే అత్యుత్తమ ధర. ఈ పేరు చూసి మోసపోయేవాళ్లు చాలామంది. ఎవరికి అత్యుత్తమం? అమ్మేవాడికని అనుకుంటారు. కానీ ఆ నాలుగు ప్రశ్నల్లో అమ్మేవాడి ఖర్చు ఎక్కడా లేదు. లీటరు తయారు కావడానికి 330 అవుతుందని జనానికి తెలియదు, మనం చెప్పలేదు. కింది హద్దు 311 దగ్గర అమ్మితే మన గానుగ యజమానికి ప్రతి లీటరు మీదా 19 రూపాయలు నష్టం. జనం సరేనన్న ధరే అయినా ఆయన దుకాణం మూతపడుతుంది.

వద్దనేవాళ్లు అందరికంటే తక్కువ ఉండే ధర అదేనని కొందరు వివరిస్తారు. అది కూడా కచ్చితంగా నిజం కాదు. మన పట్టికనే చూడండి. 368 దగ్గర వద్దనేవాళ్లు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది, మొత్తం 18 మంది. 350 దగ్గర 12 మందికి అయిదుగురు కలిస్తే 17 మందే. గీతలు కలిసే చోట రెండు రకాల తిరస్కారాలు సమానమవుతాయి, అంతే. వాటి మొత్తం అక్కడే అన్నిటికన్నా తగ్గాలన్న నియమం లేదు.

ఇంకో పెద్ద లోటు ఉంది. ఖరీదు కాదని అనడం వేరు, డబ్బు తీసి కొనడం వేరు. 'మరీ చవక', 'మరీ ఖరీదు' అననివాళ్లంతా కొంటారని ఈ గీతలు ఎక్కడా చెప్పవు. ఈ లోటు తీర్చడానికి 1990లలో న్యూటన్, మిల్లర్, స్మిత్ అనే పరిశోధకులు మరో రెండు ప్రశ్నలు కలిపారు. మనిషి తానే చెప్పిన 'మంచి ధర' దగ్గర కొనే అవకాశం ఎంత, తానే చెప్పిన 'ఖరీదు' దగ్గర ఎంత అని అడుగుతారు. జవాబు 'ఖాయంగా కొంటాను' నుంచి 'అసలు కొనను' దాకా అయిదు మెట్లలో ఉంటుంది.

మన ఆవిడ 320 దగ్గర ఖాయంగా కొంటానని, 400 దగ్గర కొనొచ్చు కొనకపోవచ్చని చెప్పిందనుకుందాం. సర్వేలో 'ఖాయం' అన్నవాళ్లందరూ అంగట్లో కొనరని పరిశోధకులకు తెలుసు. అందుకే ఆ మాటను తగ్గించి, మొదటిదానికి నూటికి 70 పాళ్లు, రెండోదానికి 30 పాళ్లు అవకాశం ఇస్తారనుకుందాం. 240 దగ్గర, 480 దగ్గర అది సున్నా. మధ్యలో నేరుగా గీత గీస్తే 360 దగ్గర ఆమె కొనే అవకాశం 50 పాళ్లు. ఇలా వందమందికీ లెక్కగట్టి కలిపితే, ఒక్కో ధర దగ్గర సుమారు ఎందరు కొంటారో తేలుతుంది.

అప్పుడు ఖర్చును పక్కన పెట్టి చూడవచ్చు. 370 దగ్గర 30 మంది, 430 దగ్గర 20 మంది కొంటారని లెక్క తేలిందనుకుందాం. 370లో లీటరుకు 40 మిగులు, మొత్తం 1,200 రూపాయలు. 430లో లీటరుకు 100 మిగులు, మొత్తం 2,000. కొనేవాళ్లు మూడోవంతు తగ్గినా అమ్మేవాడికి రెండోదే మేలు. 'అత్యుత్తమ ధర' అని 368నే పట్టుకుని కూర్చుంటే ఆయన ఇంత నష్టపోతాడు. రెండు ధరలూ జనం ఒప్పుకున్న పరిధిలోనే ఉన్నాయి. నాలుగు ప్రశ్నలు ఇచ్చింది ఆ పరిధిని మాత్రమే. అందులో ఎక్కడ నిలబడాలో ఖర్చు, అమ్మకం కలిపి లెక్క వేసుకుంటేనే తెలుస్తుంది.

జవాబులు ఎక్కడ తప్పుతాయి

గానుగ నూనె ఎప్పుడూ కొనని మనిషిని అడిగితే ఏం చెబుతాడు? ఇంట్లో వాడే రిఫైన్డ్ ప్యాకెట్ ధర గుర్తు తెచ్చుకుని దాని మీద కొంచెం వేసి చెబుతాడు. ఆయన చెప్పింది గానుగ నూనె విలువ కాదు, తనకు అలవాటైన ధర. ఏళ్లుగా గానుగ నూనే వాడే మనిషి చెప్పే అంకెలు పూర్తిగా వేరేగా ఉంటాయి. ఈ ఇద్దరినీ ఒకే లెక్కలో కలిపితే వచ్చే ధర ఇద్దరికీ సరిపోదు. ఒకరికి అది ఇంకా ఖరీదే, మరొకరికి అనుమానం కలిగించేంత తక్కువ. ఇలా జరిగిందని గ్రాఫు చూస్తేనే తెలుస్తుంది. గీత నున్నగా వాలకుండా, కొంత దిగి, మధ్యలో అడ్డంగా సాగి, మళ్లీ ఒక్కసారిగా దిగితే అందులో రెండు గుంపులు ఉన్నాయని అనుమానించాలి. వాళ్లను విడదీసి వేరువేరు గీతలు గీయాలి.

అడిగేవాళ్లు ఎవరన్నది కూడా జవాబును మారుస్తుంది. గానుగ యజమానే కౌంటరు దగ్గర నిలబడి అడిగితే, తన జవాబును బట్టి ధర పెడతారని కొనేవాళ్లకు అర్థమవుతుంది. బేరం మొదలైనట్టే కాబట్టి అన్ని అంకెలూ తగ్గించి చెబుతారు. మొహమాటస్తులు దీనికి విరుద్ధంగా ఎక్కువ చెబుతారు. అందుకే దుకాణంతో సంబంధం లేని మనిషి, దుకాణానికి దూరంగా అడగడం మంచిది.

మూడో చిక్కు గుండ్రటి అంకెలది. జనం 300, 350, 400 అంటారు తప్ప 368 అని ఎవరూ అనరు. కాబట్టి గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి. 368 అనేది ఆ మెట్ల మధ్య మనం గీసిన నేరు గీత నుంచి పుట్టిన అంకె. దాన్ని రూపాయి దాకా నమ్మకూడదు. ఎంత నమ్మవచ్చో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. వచ్చిన జవాబులను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి, ఒక్కోదానికీ విడిగా గీతలు గీయాలి. కలయికలు అయిదారు రూపాయల తేడాతో వస్తే పర్వాలేదు. ఒకటి 340, మరొకటి 395 చూపిస్తే ఇంకా ఎక్కువమందిని అడగాలి.

చివరగా, ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. ప్రభుత్వం ధర నిర్ణయించిన వాటికి దీని అవసరమే లేదు. ఉప్పు, అగ్గిపెట్టె లాంటి వాటికి జనం తమకు తెలిసిన ధరే తిరిగి చెబుతారు. ఎదుటి దుకాణంలో అదే సరుకు 350కి దొరుకుతుంటే, మన సర్వేలో 436 దాకా ఒప్పుకున్నారన్న మాటకు విలువ ఉండదు. పోటీ ధర గురించి ఆ నాలుగు ప్రశ్నల్లో ఒక్క మాటా లేదు. ధర ఇంకా స్థిరపడని కొత్త సరుకుకు, నాణ్యత కంటికి కనిపించని సరుకుకు ఇవి బాగా పనిచేస్తాయి. గానుగ నూనె, తేనె, నెయ్యి, కొత్త ట్యూషన్ సెంటరు ఫీజు, ఇంటి భోజనం డబ్బా ఇలాంటివే.

అనుమానానికి కారణం అడగాలి

నాలుగు ప్రశ్నలూ అయ్యాక మన గానుగ యజమాని అయిదోది ఒకటి అడిగితే ఎక్కువ లాభం. 'మరీ చవక' ధర చెప్పిన మనిషిని, అంత తక్కువకిస్తే ఏం అనుమానిస్తారని అడగాలి. కల్తీ అని ఎక్కువమంది అంటే, వాళ్లు నిజానికి ధర గురించి కాదు, నమ్మకం గురించి మాట్లాడుతున్నారు. ఆ అనుమానం తీరే దారి చూపించాలి. గుళ్లు కళ్లముందే పోసి ఆడించడం, కొనేవాళ్లే గుళ్లు తెచ్చుకుంటే కూలికి ఆడించి ఇవ్వడం, ఆడించిన తేదీ సీసా మీద రాయడం లాంటివి.

ఆ మార్పు చేశాక మళ్లీ అవే ప్రశ్నలు కొత్తవాళ్లను అడగాలి. కల్తీ భయం నిజంగా తగ్గి ఉంటే 'మరీ చవక' గీత ఎడమకు జరగాలి. మంచి సరుకని నమ్మకం కుదిరితే 'మరీ ఖరీదు' గీత కుడికి జరగాలి. రెండూ జరిగితే ఒప్పుకునే పరిధి వెడల్పవుతుంది. గీతలు కదలకపోతే జనం అనుమానం ఇంకేదో ఉంది, దాన్ని వెతకాలి.

ఆ తర్వాత పరిధిలోంచి ఖర్చుకు పైన ఉన్న రెండు ధరలు ఎంచుకుని, ఒక్కోదాన్ని కొన్ని వారాల పాటు బోర్డు మీద పెట్టి అమ్మి చూడాలి. మొదటి సీసా కొన్నవాళ్లలో రెండో సీసాకు ఎందరు వచ్చారో రాసుకోవాలి. సర్వేలో చెప్పిన మాటకు, అంగట్లో పెట్టిన డబ్బుకు ఎంత దూరముందో ఆ లెక్కే చెబుతుంది. ఆయన ధర దాన్ని బట్టి నిలవాలి.